శివారు పిక్సెల్ దాకా కరెంటు

(సంక్రాంతి పనులు మొదలయ్యే ముందు పాలకొల్లులో లైటింగ్, డెకరేషన్ పనివాళ్లకు ఇచ్చిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టుగా.)

అందరికీ నమస్కారమండి. బల్ల మీద పరిచిన రీలు అందరికీ కనబడుతోంది కదా. వెనక ఉన్నవాళ్లు కాస్త లేచి చూడండి. ఇది డబ్ల్యూఎస్ 2812బి రకం, 5 వోల్టుల పిక్సెల్ స్ట్రిప్. మీటరుకు 60 పిక్సెళ్లు, మొత్తం ఐదు మీటర్లు. సప్లై ఒక్క చివర మాత్రమే ఇచ్చాను. ఇప్పుడు మొత్తం స్ట్రిప్‌ను ఫుల్ వైట్‌లో పెడుతున్నాను.

చూడండి. మొదటి మీటరు మల్లెపూవులా ఉంది. రెండో మీటరు దాటేసరికి పాత కాగితం రంగు. చివరి మీటరు తాటిబెల్లం రంగులోకి వచ్చేసింది. చాలామంది దీన్ని చూసి స్ట్రిప్ నాసిరకం అనుకుని దుకాణానికి వెనక్కి తీసుకెళ్తారు. ఇప్పుడు వైట్ తీసేసి ఎరుపు ఒక్కటే పెడుతున్నాను. మొదటి పిక్సెల్, చివరి పిక్సెల్ ఒకేలా ఉన్నాయి కదండీ? అంటే పిక్సెళ్లు బాగానే ఉన్నాయి. చివరిదాకా అందనిది వోల్టేజ్.

రంగు ఎందుకు మారుతుందో చెబుతాను. ఒక్కో పిక్సెల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు ఎల్‌ఈడీలు ఉంటాయి. ఎరుపు వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు. ఆకుపచ్చకి, నీలానికి 3 వోల్టులు, ఆపైన కావాలి. వాటి మీద లోపలి చిప్‌కి కూడా కొంచెం మిగలాలి. అందుకని వోల్టేజ్ తగ్గుతున్నకొద్దీ ముందు నీలం, ఆకుపచ్చ నీరసిస్తాయి, ఎరుపు నిలబడుతుంది. తెలుపులోంచి నీలం పోతే పసుపు, ఆకుపచ్చ కూడా పోతే ఎరుపు. ఇంకా తగ్గి మూడున్నర వోల్టుల కిందకు పోయిందంటే చిప్ కూడా పని చేస్తుందన్న నమ్మకం లేదు. అది ఆగిందంటే అక్కడి నుంచి అవతల పిక్సెళ్లన్నీ ఇష్టమొచ్చినట్టు మెరుస్తాయి. దాన్ని చూసి డేటా వైరు మీదో కంట్రోలర్ మీదో అనుమానపడి గంటలు పోగొట్టుకుంటారు.

మన డెల్టాలో ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాలువ శివారు పొలానికి నీళ్లు ఎందుకు అందవు? పైనున్న ప్రతి తూములోంచీ ఎవరి వాటా వాళ్లు తీసుకుంటారు కాబట్టి. స్ట్రిప్ కూడా అంతే. అయితే ఒక తేడా గమనించండి. మొదటి మీటరు రాగిపట్టీ మీద తన పిక్సెళ్ల కరెంటు ఒక్కటే పోదు, దాని అవతల ఉన్న నాలుగు మీటర్ల కరెంటూ దాని మీదుగానే పోవాలి. అందుకే దారిలో పోయే వోల్టేజ్, అంటే డ్రాప్, ఎక్కువ భాగం మొదట్లోనే పడుతుంది, చివరి అరమీటరులో దాదాపు ఏమీ పడదు. రంగు చెడేది చివర, వోల్టేజ్ పోయేది మొదట. ఈ ఒక్క మాట పట్టుకుంటే సప్లై ఎక్కడ ఎక్కించాలో దానంతట అదే తెలుస్తుంది.

దీనికి లెక్క ఒకటే గుర్తు పెట్టుకోండి.

```
V = i × r × d × d ÷ 2
```

ఇందులో i అంటే ఒక మీటరు స్ట్రిప్ ఫుల్ వైట్‌లో తీసుకునే కరెంటు. r అంటే ఒక మీటరు స్ట్రిప్‌లో ప్లస్ పట్టీ, గ్రౌండ్ పట్టీ రెండూ కలిపిన రెసిస్టెన్స్. d అంటే సప్లై ఎక్కించిన చోటు నుంచి ఆ సప్లై మీద ఆధారపడిన ఆఖరి పిక్సెల్ దాకా దూరం. d రెండుసార్లు వచ్చింది చూడండి. దూరం రెట్టింపయితే డ్రాప్ నాలుగింతలు. సగం చేస్తే పావు వంతు. మనకు కలిసొచ్చేది ఇదేనండి.

i, r రెండూ రీలు పెట్టె మీద ఉండవు, ఉన్నా నమ్మలేం. ఒక్కో కంపెనీ రాగిపట్టీ మందం ఒక్కోలా ఉంటుంది. పాత చిప్పులు పిక్సెల్‌కు 60 మిల్లీ ఆంపుల దాకా తీసుకునేవి, కొత్తవాటిలో 36 దగ్గర ఆగేవీ ఉన్నాయి. కాబట్టి కొన్న రీలు మీదే కొలవాలి. అరగంట పని.

i కొలవడం తేలిక. ఒక మీటరు ముక్క, ఫుల్ వైట్, మల్టీమీటర్‌ను 10 ఆంప్ పాయింటులో పెట్టి ప్లస్ వైరులో సిరీస్‌గా కలపండి. ఈ బల్ల మీది రీలుకి 2.4 ఆంపులు వచ్చింది. అంటే పిక్సెల్‌కు 40 మిల్లీ ఆంపులు.

r కొలవడానికి బండి షాపులో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు తెచ్చుకోండి. మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలుద్దామంటే కుదరదు, ఇంత చిన్న రెసిస్టెన్స్‌లో మీటరు పిన్నుల రెసిస్టెన్సే ఎక్కువ చూపిస్తుంది. రెండు మీటర్ల ముక్క తీసుకుని, పిక్సెళ్లన్నీ ఆర్పి, ఒక చివర 5 వోల్టులు ఇచ్చి, రెండో చివర ప్లస్‌కి, గ్రౌండ్‌కి మధ్య ఆ బల్బు కలపండి. 5 వోల్టుల మీద అది సుమారు ఒక ఆంపు తీసుకుంటుంది, మసకగా ఎర్రగా వెలుగుతుంది. బల్బు కరెంటు మీటరుతో చూసుకోండి. ఆ తర్వాత మీటరును వోల్టులకు మార్చి స్ట్రిప్ మొదటి ప్యాడ్ల మీద ఒకసారి, చివరి ప్యాడ్ల మీద ఒకసారి కొలవండి. సప్లై టెర్మినల్ దగ్గర కాదండీ, స్ట్రిప్ రాగి ప్యాడ్ మీదే పెట్టాలి పిన్ను. ఇక్కడ కరెంటు 1 ఆంపు, మొదట 5.00, చివర 4.60 వచ్చింది. 0.4 వోల్టును 1 ఆంపుతో భాగిస్తే రెండు మీటర్లకు 0.4 ఓమ్. మీటరుకు 0.2.

ఇప్పుడు లెక్కలో వేద్దాం. d ఒక మీటరయితే డ్రాప్ 0.24 వోల్టు. రెండు మీటర్లయితే 0.96. నాలుగు మీటర్లయితే 3.84. ఐదు మీటర్లకు లెక్క 6 వోల్టులంటుంది. ఇచ్చిందే 5 అయితే 6 ఎలా పోతుంది? పోదు. వోల్టేజ్ తగ్గినప్పుడు పిక్సెళ్లు తీసుకునే కరెంటూ తగ్గిపోతుంది కాబట్టి నిజంగా అంత పడదు. లెక్కలో 1 వోల్టు దాటిన అంకె వస్తే దాన్ని కొలతగా చూడకండి, ఇక్కడ రంగు చెడుతుంది అన్న మాటగా చూడండి. బల్ల మీద ఇందాక మీరు చూసింది అదే.

నా వాడుక ఏమిటంటే, 5 వోల్టుల స్ట్రిప్ మీద ఏ పిక్సెల్ దగ్గరా నాలుగున్నర వోల్టులకు తగ్గకూడదు. దానికంటే కిందకి పోయినా కొన్ని రీళ్లు బాగానే వెలుగుతాయి గానీ, పక్కపక్కన రెండు వరసలు వేసినప్పుడు తేడా కంటికి తెలిసిపోతుంది.

(సభలో ఒకరు: మాస్టారూ, రెండు చివరలా ఇచ్చేస్తే సరిపోదాండీ? మేమంతా అలాగే చేస్తాం.)

మంచి ప్రశ్నండి. రెండు చివరలా ఇస్తే ఆధారపడే దూరం సగం అవుతుంది, డ్రాప్ పావు వంతుకు దిగుతుంది. ఐదు మీటర్ల రీలుకి d రెండున్నర మీటర్లు. లెక్క వేస్తే 1.5 వోల్టులు. మధ్యలో పసుపు కనిపిస్తుంది. సగం బ్రైట్‌నెస్‌లో నడిపితే కరెంటు సగం, డ్రాప్ 0.75, నా నాలుగున్నరకి కాస్త కిందే అయినా అప్పుడు చెల్లుతుంది. రంగులు పరుగెత్తే పాటర్న్‌లే వేసి తెలుపు అసలు వేయనంటే కూడా చెల్లుతుంది. కానీ హారతి వేళకి అన్నీ తెల్లగా వెలిగించమని కమిటీవాళ్లు అడుగుతారు. ఆ ఒక్క నిమిషానికే వైరింగ్ వేసుకోవాలి.

ఇప్పుడు ఒక పని మొత్తం లెక్క వేసి చూద్దాం. గుడి ముందు పందిరి ద్వారం అనుకోండి. రెండు స్తంభాలు, ఒక్కోటి నాలుగు మీటర్ల ఎత్తు. పైన అడ్డం నాలుగు మీటర్లు. ఎడమ స్తంభం అడుగు నుంచి పైకి వెళ్లి, అడ్డం దాటి, కుడి స్తంభం కిందకి దిగే ఒకే గీత. పన్నెండు మీటర్లు, 720 పిక్సెళ్లు. మీటరుకు 2.4 చొప్పున ఫుల్ వైట్‌లో 28.8 ఆంపులు, 5 వోల్టుల మీద 144 వాట్లు.

స్ట్రిప్ లోపల డ్రాప్ 0.24 దగ్గర ఉంచాలంటే d ఒక మీటరు ఉండాలి. అంటే ప్రతి రెండు మీటర్లకూ ఒక చోట సప్లై ఎక్కించాలి. ఎక్కించిన చోటు నుంచి అటొక మీటరు, ఇటొక మీటరు ఆధారపడతాయి. సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు, ఇలా ఏడు చోట్లు. మధ్యవి ఒక్కోటి 4.8 ఆంపులు మోస్తాయి, రెండు చివరలు 2.4 చొప్పున.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. 5 వోల్టుల, 40 ఆంపుల సప్లై ఒకటి కొంటారు. కొనడంలో తప్పు లేదు, 28.8 ఆంపులకు 40 సరిపోతుంది. దాన్ని ఎడమ స్తంభం మొదట్లో, స్విచ్ బోర్డు పక్కన పెడతారు. అక్కడి నుంచి 4 స్క్వేర్ ఎంఎం వైరు స్ట్రిప్ పక్కనే పన్నెండు మీటర్లూ లాగి, ఏడు చోట్లా జాయింటు చేస్తారు. ఇంజెక్షన్ ఇచ్చాం కదా, అంటే మధ్యమధ్యలో సప్లై ఎక్కించాం కదా, ఇక భయం లేదనుకుంటారు. కానీ ఆ పెద్ద వైరు కూడా వైరేనండి. ఫ్లెక్సిబుల్ రాగి వైరు 4 స్క్వేర్ ఎంఎం అయితే పోను రాను కలిపి మీటరుకు 0.0099 ఓమ్. చిన్న అంకెలాగే ఉంది. మొదటి రెండు మీటర్లలో 26.4 ఆంపులు పోతాయి, తర్వాతి రెండిటిలో 21.6, ఆ తర్వాత 16.8, 12, 7.2, చివరి రెండు మీటర్లలో 2.4. అన్నీ కలిపితే కుడి స్తంభం అడుగుకి 1.7 వోల్టులు పోయాయి. స్ట్రిప్‌లో పోవాల్సిన డ్రాప్‌ను వైరులోకి మార్చాం, అంతే. కుడి స్తంభం మొత్తం బెల్లం రంగు.

అదే సప్లైని అడ్డం మధ్యలో, ఆరో మీటరు దగ్గర పెట్టండి. అదే వైరు, అదే స్ట్రిప్. ఒక్కో పక్కకి ఆరు మీటర్లే, కరెంటూ సగమే. డ్రాప్ 0.43 వోల్టుకు దిగింది. ఒక్క పైసా ఖర్చు కాలేదు, డబ్బా చోటు మారింది.

కానీ నడిమధ్య నెత్తి మీద అంత బరువు డబ్బా కట్టడం అన్ని ద్వారాలకూ కుదరదు. నేనయితే ఈ పనికి రెండు సప్లైలు వేస్తాను. 5 వోల్టులు, 20 ఆంపులవి రెండు. ఒక్కోదాని మీద 14.4 ఆంపులు పడతాయి, సామర్థ్యంలో 72 శాతం. 80 శాతం దాటించకపోవడమే మంచిది, ఎందుకంటే వాన, మంచు తగలకుండా మనం వాటిని డబ్బాలో మూసేస్తాం, గాలి ఆడదు. ఒకటి ఎడమ స్తంభం మీద మూడు మీటర్ల ఎత్తున, ఇంకొకటి కుడి స్తంభం మీద అదే ఎత్తున. పిల్లల చేతికి అందవు. స్ట్రిప్ గీతలో అవి మూడో మీటరు, తొమ్మిదో మీటరు దగ్గర పడతాయి. అంటే ఒక్కోటి తన ఆరు మీటర్లకు సరిగ్గా నడుమ.

ఇప్పుడు ఎడమ సప్లై నుంచి చూడండి. కిందకి మూడు మీటర్లు, పైకి మూడు మీటర్లు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరు చాలు. దాని రెసిస్టెన్స్ పోను రాను మీటరుకు 0.016 ఓమ్. మొదటి మీటరులో 7.2 ఆంపులు, తర్వాతి రెండు మీటర్లలో 2.4 ఆంపులు. 0.115, 0.077 కలిపితే 0.19 వోల్టు. స్ట్రిప్‌లో పోయే 0.24 కూడా కలిపితే 0.43. సప్లై మీద ఉన్న వోల్టేజ్ అడ్జస్ట్ స్క్రూ తిప్పి 5.1 పెడితే, అన్నిటికంటే బక్కచిక్కిన పిక్సెల్ దగ్గర కూడా 4.67 ఉంటుంది. నాలుగు స్క్వేర్ వైరు కొనాల్సిన పని లేదు, మిగిలిన డబ్బుతో రెండో సప్లై ఖర్చులో కొంత వచ్చేస్తుంది.

స్క్రూ ఉంది కదా అని ఐదున్నర దాకా తిప్పేవాళ్లున్నారు. ఈ చిప్ తయారీదారు ఇచ్చిన పై హద్దు 5.3. అన్నీ ఆరిపోయి ఉన్నప్పుడు డ్రాప్ ఏమీ ఉండదు, ఆ వోల్టేజ్ అంతా పిక్సెళ్ల మీదే కూర్చుంటుంది. 5.2 దాటించకండి.

(సభలో ఒకరు: రెండు సప్లైల ప్లస్‌లు కలిపేస్తే ఒకదానికొకటి సాయం చేసుకోవాండీ?)

చేసుకోవండి. రెండూ సరిగ్గా ఒకే వోల్టేజ్‌లో ఉండవు. 5.10 ఒకటి, 5.07 ఒకటి ఉన్నా, ఎక్కువున్నది బరువంతా తన మీద వేసుకుంటుంది, రెండోది ఖాళీగా ఉంటుంది. ఎక్కువున్నది వేడెక్కి కట్ అయిపోతే బరువంతా ఒక్కసారిగా రెండోదాని మీద పడుతుంది. కొన్ని ఇలా ఒకదాని వెనక ఒకటి ఆరిపోతూ, వెలుగుతూ కొట్టుకుంటాయి. కాబట్టి ఆరో మీటరు దగ్గర ప్లస్ తెంపాలి. కత్తిరించమని గుర్తు ఉన్న చోట స్ట్రిప్‌ను పూర్తిగా కత్తిరించి, డేటా, గ్రౌండ్ రెండే తిరిగి కలపండి. ప్లస్ కలపొద్దు. ఆరో మీటరుకు ఎడమ చివర ఎడమ సప్లై నుంచి 2.4 ఆంపులు, కుడి చివర కుడి సప్లై నుంచి 2.4 ఆంపులు.

గ్రౌండ్ మాత్రం తెంపకూడదు. రెండు సప్లైల మైనస్‌లు, కంట్రోలర్ మైనస్, స్ట్రిప్ గ్రౌండ్ అన్నీ ఒకటి కావాలి. డేటా వైరు మీద వోల్టేజ్‌ను పిక్సెల్ కొలిచేది తన గ్రౌండ్‌తో పోల్చే కదా. ఆ గ్రౌండ్ తెగితే ఎడమ సగం చక్కగా ఉండి, ఆరో మీటరు దాటిన దగ్గర నుంచి రంగులు పిచ్చిపిచ్చిగా మెరుస్తాయి. సరిగ్గా సప్లై మారిన చోటే గోల మొదలైతే ముందు గ్రౌండ్ చూడండి.

ఫ్యూజుల సంగతి. 20 ఆంపుల సప్లైకి సన్న వైరు మీద షార్ట్ వస్తే అది షార్ట్ అని తెలియకపోవచ్చు. ప్యాడ్ మీద చిన్న టంకం చుక్క జారి ప్లస్‌ని, గ్రౌండ్‌ని ముట్టుకుందనుకోండి, అక్కడ 12, 15 ఆంపులు నడుస్తూ ఉంటే సప్లైకి అది మామూలు లోడే. స్ట్రిప్ మాత్రం ఆ చోట కాలుతుంది. కింద గుడ్డ పందిరి, పైన తాటాకు. అందుకని పెద్ద వైరు నుంచి స్ట్రిప్‌కి దిగే ప్రతి కొమ్మ ప్లస్‌లో, కొమ్మ మొదట్లోనే, కార్లలో వాడే బ్లేడ్ ఫ్యూజు పెట్టండి. 4.8 ఆంపుల కొమ్మకి 7.5, 2.4 ఆంపుల కొమ్మకి 5 ఆంపుల ఫ్యూజు. కొమ్మకి 1 స్క్వేర్ ఎంఎం వైరు, ఒక జానెడు పొడవు మించకుండా. రీలుతో వచ్చే సన్న వైరు, ప్లాస్టిక్ ప్లగ్ కనెక్టర్ మీదుగా సప్లై ఎక్కించకండి, అవి డేటాకి, రెండు మూడు ఆంపులకు చేసినవి. వైరును రాగి ప్యాడ్ మీదే టంకం పెట్టాలి. ప్లస్‌తో పాటు గ్రౌండ్ కూడా ప్రతి చోటా ఎక్కించాలి. ప్లస్ ఒక్కటే ఏడు చోట్ల ఇచ్చి గ్రౌండ్ మొదట్లో ఇచ్చినవాళ్లను చూస్తుంటాం. పోయిన కరెంటంతా తిరిగి రావాల్సింది గ్రౌండ్ మీదుగానే. ఒక పట్టీ బాగుచేసి రెండోదాన్ని వదిలేసినట్టు అవుతుంది, పైగా గ్రౌండ్ పైకి లేచిపోయి డేటా కూడా చెడుతుంది.

230 వోల్టుల వైపు రెండే మాటలు. సప్లై లోహపు డబ్బాకి ఎర్త్ తప్పనిసరి, ద్వారం లైనుకి 30 మిల్లీ ఆంప్ ఆర్‌సీసీబీ తప్పనిసరి. కొన్ని సప్లైల పక్కన 110, 220 అని ఎర్ర స్విచ్ ఉంటుంది. 110 వైపు ఉండగా మన కరెంటు ఇచ్చారంటే టప్‌మని పేలిపోతుంది. పెట్టెలోంచి తీయగానే చూసుకోండి.

సాఫ్ట్‌వేర్‌లో కూడా ఒక గట్టు కట్టుకోవచ్చు. ఫాస్ట్‌ఎల్‌ఈడీ లైబ్రరీ వాడేవాళ్లు ప్రోగ్రామ్‌లో setup() ఫంక్షన్ లోపల ఈ ఒక్క లైను రాయండి:

```
FastLED.setMaxPowerInVoltsAndMilliamps(5, 24000);
```

మొత్తం 24 ఆంపులు దాటబోతుంటే అదే బ్రైట్‌నెస్ తగ్గిస్తుంది. కంటికి ఆ తేడా పెద్దగా తెలియదు, సప్లైలు చల్లగా ఉంటాయి. అయితే అది కొలిచి చేసేది కాదు, పిక్సెల్‌కు ఇంత అని అంచనా వేసి చేసేది. మొత్తం మీద చూస్తుంది గానీ ఏ చోట ఎంత అని చూడదు. షార్ట్ వస్తే దానికి తెలియదు. అందుకని ఫ్యూజులు మానేయడానికి ఇది కారణం కాదు.

డేటా గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి మాత్రం వోల్టేజ్‌తో ముడిపడి ఉంది. ఈ చిప్ డేటాలో ఒకటి అని గుర్తించాలంటే తన సప్లై వోల్టేజ్‌లో 70 శాతం కావాలి. సప్లై 5.1 అయితే 3.57. కంట్రోలర్‌గా వాడే ఈఎస్‌పీ 32 బోర్డు ఇచ్చేది 3.3. చాలాసార్లు అదృష్టం కొద్దీ పని చేస్తుంది. విచిత్రం ఏమిటంటే, ఫుల్ వైట్‌లో వోల్టేజ్ కాస్త కిందకి దిగుతుంది కాబట్టి బాగా పని చేసి, మసక రంగుల్లో వోల్టేజ్ లేచి మెరుపులు మొదలవుతాయి. వెలుగు తక్కువున్నప్పుడే గోల చేస్తే అది డ్రాప్ కాదు, డేటా స్థాయి. కంట్రోలర్‌కీ మొదటి పిక్సెల్‌కీ మధ్య డేటాను 5 వోల్టుల స్థాయికి లేపే 74ఏహెచ్‌సీటీ125 ఐసీ ఒకటి పెడితే తీరిపోతుంది.

(సభలో ఒకరు: ఇంత తంటా పడే బదులు 12 వోల్టుల స్ట్రిప్ కొనుక్కుంటే పోలా అండీ?)

ఆయ్, చాలా పనులకు అదే మంచిది. డబ్ల్యూఎస్ 2815 లాంటివి 12 వోల్టుల మీద పిక్సెల్‌కు సుమారు 15 మిల్లీ ఆంపులే తీసుకుంటాయి. మీటరుకు 0.9 ఆంపు. ఇదే 0.2 ఓమ్ పట్టీ అనుకుంటే రెండున్నర మీటర్ల దూరానికి డ్రాప్ సుమారు 0.56 వోల్టు, 12లో అంత పోతే లెక్కలోకే రాదు. ఐదు మీటర్ల రీలుకి రెండు చివరలా ఇస్తే నిశ్చింత. కొత్తగా కొనేవాళ్లు, కాలువ గట్టు వెంట యాభై మీటర్లు వేసేవాళ్లు 12కే వెళ్లండి. కానీ మీ దగ్గర ఇప్పటికే ఉన్న రీళ్లు 5 వోల్టులవి. పొరపాటున కూడా ఈ రెండూ ఒకే పనిలో కలపకండి, 12 తగిలితే 5 వోల్టుల రీలు బూడిదే.

ఇక కట్టిన తర్వాత తప్పు ఎక్కడుందో పట్టుకోవడం. ఫుల్ వైట్ పెట్టి, రెండు ఇంజెక్షన్ల మధ్య చోట్లలో, అంటే ఒకటి, మూడు, ఐదు మీటర్ల దగ్గర, ప్యాడ్ల మీద వోల్టేజ్ కొలిచి కాగితం మీద రాసుకోండి. అన్నీ 4.6 నుంచి 4.9 మధ్య ఉండాలి. మూడో మీటరు దగ్గర 4.1 వచ్చిందనుకోండి. ఆ పక్క కొమ్మల్లో ఒకటి పని చేయడం లేదు, పక్క చోటు దాని బరువు కూడా మోస్తోంది. ఫ్యూజు పోయిందా, టంకం ఊడిందా అన్నది ఇలా తేల్చండి. మీటరు నల్ల పిన్ను స్ట్రిప్ ప్లస్ ప్యాడ్ మీద, ఎర్ర పిన్ను సప్లై ప్లస్ టెర్మినల్ మీద పెట్టండి. ప్లస్ దారిలో ఎంత పోతోందో నేరుగా కనబడుతుంది. అలాగే గ్రౌండ్ ప్యాడ్ నుంచి సప్లై మైనస్‌కి. రెండు దారులూ ఒకే వైరు, ఒకే పొడవు కాబట్టి రెండు అంకెలూ ఇంచుమించు సమానంగా ఉండాలి. ప్లస్‌లో 0.2, గ్రౌండ్‌లో 0.7 వచ్చిందంటే తప్పు గ్రౌండ్ వైపు జాయింటులోనే ఉంది. ఇక ప్లస్ వైపు వెతకక్కర్లేదు. పిన్నును జాయింటుకి ఇటు ఒకసారి, అటు ఒకసారి పెడితే ఏ జాయింటో తేలిపోతుంది. సామాన్యంగా ఆ జాయింటు చేతికి వెచ్చగా కూడా తగులుతుంది.

రీలులోనే ఫ్యాక్టరీ జాయింట్లు ఉంటాయని మరచిపోకండి. ఐదు మీటర్ల రీలు చాలావరకు అరమీటరు ముక్కలు అతికించి చేసిందే. తిరగేసి చూస్తే ఆ టంకం చారలు కనబడతాయి. చుట్టి విప్పి చుట్టి విప్పి ఆ చోట్లు పగులుతాయి. మూలల్లో, స్తంభం నుంచి అడ్డానికి తిరిగే చోట, అలాంటి జాయింటు పడకుండా చూసుకోండి.

(సభలో ఒకరు: మాది నరసాపురం అవతల, సముద్రానికి దగ్గరండీ. పెట్టిన నెలకే రాగి పచ్చబడి పోతోంది.)

ఉప్పుగాలికి తోడు ఈ నెలల్లో తెల్లవారుజామున మంచు కారుతుందండి. మీరు ఇంజెక్షన్ కోసం సిలికాన్ తొడుగు కోసిన ప్రతిచోటా ఆ తడి లోపలికి దారి చూసుకుంటుంది. టంకం పెట్టాక ఫ్లక్స్ మరక ఐసోప్రొపిల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు సిలికాన్‌తో మూయండి. సిలికాన్ ట్యూబు కొనేటప్పుడు న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. మామూలుగా బాత్రూముల్లో వాడేది మూత తీయగానే వెనిగర్ వాసన కొడుతుంది. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రాగిని తింటుంది. మీ దగ్గర పచ్చబడడానికి ఉప్పుగాలి సగం కారణమైతే, ఈ ట్యూబు సగం కారణం కావచ్చు. వైరు దిగే చోట తొడుగు నోరు కిందకి చూసేలా, వైరు కొంచెం కిందకి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా కట్టండి. మంచు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

పండగ మొదటి రాత్రి రాసుకున్న ఆ కాగితాన్ని సప్లై డబ్బా మూత లోపల అంటించండి. వారం తర్వాత మళ్లీ అవే చోట్ల కొలవండి. మొదటి రాత్రి 4.70 ఉన్నది 4.55కి దిగిందంటే కంటికి ఇంకా ఏ తేడా కనబడదు, కానీ ఆ కొమ్మ టంకం పచ్చబడడం మొదలైందన్నమాట. అప్పుడే విప్పి, గీకి, కొత్త టంకం వేయండి. ఇప్పుడు ఈ రీలుకి మధ్యలో, రెండున్నర మీటర్ల దగ్గర, రెండు వైర్లు ఎక్కిస్తున్నాను. దగ్గరికి రండి, వేడి ఐరన్‌కి చేతులు దూరంగా ఉంచి, ప్యాడ్ మీద టంకం ఎలా పరుచుకోవాలో చూడండి.